ముందు గుద్దు, పక్క గుద్దు, పాదచారి: భారత్ ఎన్‌క్యాప్ స్టార్ల వెనక కొలతలు

ప్రశ్న: ఇంట్లోవాళ్ల కోసం కారు చూస్తున్నాను. ఏ షోరూముకు వెళ్లినా 5 స్టార్ అంటున్నారు. కారును ముందు నుంచి, పక్క నుంచి గుద్దించి అసలు ఏం కొలుస్తారు? రోడ్డు మీద నడిచేవాళ్లకు తగిలితే ఏమవుతుందో కూడా చూస్తారా? స్టార్లు ఏ లెక్కన వేస్తారు?

సమాధానం:

మన దేశంలో ఇప్పుడు అమ్ముడవుతున్న కార్ల గురించే అడుగుతున్నారు కాబట్టి కార్లను గుద్దించి స్టార్లు వేసే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం భారత్ ఎన్‌క్యాప్ లెక్కే చెబుతాను. ఇది 2023 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. దీని నిబంధనలన్నీ ఏఐఎస్-197 అనే ప్రమాణంలో ఉంటాయి. మూడున్నర టన్నుల లోపు ప్రయాణికుల కార్లకు వర్తిస్తుంది, కంపెనీలకు తప్పనిసరి కాదు. పెద్దవాళ్ల రక్షణకు 32 మార్కులు, పిల్లల రక్షణకు 49 మార్కులు. ఈ రెండింటికీ స్టార్లు విడివిడిగా ఇస్తారు. పెద్దవాళ్ల 32లో ముందు గుద్దుకు 16, పక్క గుద్దుకు 16. పాదచారికి మాత్రం ఇందులో మార్కులు లేవు, పాసా ఫెయిలా అన్నంత వరకే. చాలామందికి తెలియని సంగతి ఇదే, అందుకే దాని గురించి కింద కాస్త ఎక్కువ రాస్తాను.

ముందు గుద్దుతో మొదలుపెడదాం. కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో లాక్కెళ్లి, కదలకుండా బిగించిన ఒక దిమ్మెకు గుద్దిస్తారు. దిమ్మె ముఖానికి అల్యూమినియం తేనెపట్టు గళ్ల దిండు అమర్చి ఉంటుంది. అది నేల నుంచి 200 మిల్లీమీటర్ల ఎత్తులో మొదలై 850 దగ్గర ఆగుతుంది. కారు వెడల్పులో 40 శాతం మాత్రమే దానికి తగులుతుంది, అదీ డ్రైవరు వైపు. ఎదురుగా వచ్చే బండిని చివరి క్షణంలో తప్పించబోతే రెండు బండ్లూ కుడివైపు సగం సగం తగులుకుంటాయి కదా, ఆ గుద్దుకు ఇది నమూనా. కారు ముఖమంతా తగిలితే రెండు వైపులా ఉన్న పొడవాటి ఉక్కు పట్టీలూ బరువు పంచుకుంటాయి. 40 శాతమే తగిలినప్పుడు ఒక్క పట్టీయే మొత్తం మోయాలి. డ్రైవరు కూర్చున్న పెట్టె నిలబడుతుందా, నలుగుతుందా అన్నది అక్కడ బయటపడుతుంది.

మన చట్టంలో ఇదే తరహా పరీక్ష ముందు నుంచీ ఉంది. ఏఐఎస్-098 ప్రకారం దాని వేగం 56 కిలోమీటర్లు. 64కీ 56కీ పెద్ద తేడా లేదనిపిస్తుంది గానీ శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 64ను 56తో భాగించి వర్గం చేస్తే 1.31 వస్తుంది. అంటే చట్టం అడిగినదానికంటే దాదాపు 30 శాతం ఎక్కువ శక్తిని కారు మింగాలి. చట్టప్రకారం అమ్మదగిన కారుకు కూడా ఇక్కడ తక్కువ స్టార్లు రావడానికి ఇది ఒక కారణం.

ముందు రెండు సీట్లలోనూ హైబ్రిడ్-3 అనే డమ్మీలను కూర్చోబెట్టి బెల్టు పెడతారు. ఒక్కోటి సుమారు 78 కిలోల బరువు, సగటు మగవాడి కొలతలు. వెనక సీటులో పిల్లల సీట్లు బిగించి ఏడాదిన్నర, మూడేళ్ల వయసు పిల్లల డమ్మీలను పెడతారు. పెద్ద డమ్మీ తలలో మూడు దిశల యాక్సిలరోమీటర్లు, మెడలో బలం కొలిచే సెన్సర్లు, ఛాతీ ఎన్ని మిల్లీమీటర్లు లోపలికి పోయిందో చెప్పే సెన్సర్, తొడ ఎముకలో, మోకాలి కింద ఎముకలో లోడ్ సెన్సర్లు ఉంటాయి. పక్కటెముకల మీది పూత వేడికి మెత్తబడుతుంది, చలికి బిగుసుకుంటుంది. అందుకని డమ్మీని గంటల తరబడి 19 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంచాకే పరీక్ష మొదలుపెడతారు. ముఖానికి, మోకాళ్లకు తడి రంగు పూస్తారు. గుద్దు అయ్యాక ఆ రంగు ఎయిర్‌బ్యాగ్ మీద ఎక్కడ అంటింది, డ్యాష్‌బోర్డు కింద ఎక్కడ అంటింది అని చూస్తారు. సెన్సర్ తగిలిన బలాన్ని చెబుతుంది. ఆ బలం ఏ వస్తువు నుంచి వచ్చిందో రంగు మరక చెబుతుంది.

16 మార్కులను ఒంట్లో నాలుగు భాగాలకు నాలుగేసి పంచారు. తల-మెడ ఒకటి, ఛాతీ ఒకటి, మోకాలు-తొడ-తుంటి కలిపి ఒకటి, పిక్క-పాదం ఒకటి. ప్రతి కొలతకూ రెండు హద్దులు ఉంటాయి. మంచి హద్దు లోపల ఉంటే 4కు 4, చెడ్డ హద్దు దాటితే సున్నా, మధ్యలో ఉంటే సరళరేఖలో మార్కు తగ్గుతూ వస్తుంది. తొడ ఎముక మీద పడే బలం ఉదాహరణగా తీసుకోండి. 3.8 కిలోన్యూటన్ల లోపు, అంటే సుమారు 390 కిలోల బరువు మోపినంత లోపు ఉంటే పూర్తి మార్కులు. 9.07 దాటితే సున్నా. పిక్క ఎముకకు టిబియా ఇండెక్స్ అని ఒక సంఖ్య ఉంది. ఎముక వంగిన బలాన్నీ దాని మీద నిలువుగా పడిన నొక్కునూ కలిపి లెక్కగడతారు. దానికి మంచి హద్దు 0.4, చెడ్డ హద్దు 1.3. ఏదైనా కారులో 0.8 వచ్చిందనుకోండి. 1.3లోంచి 0.8 తీసేస్తే 0.5. దాన్ని 0.9తో భాగించి 4తో గుణిస్తే 2.22 మార్కులు. రిపోర్టులో డమ్మీ బొమ్మ మీద కనిపించే రంగులు ఈ మార్కులే. పూర్తి 4కు ఆకుపచ్చ, 2.67 నుంచి పైకి పసుపు, 1.33 నుంచి నారింజ, అంతకన్నా తక్కువకు గోధుమ, సున్నాకు ఎరుపు.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, సగటు తీయరు. ఒక భాగంలో నాలుగైదు కొలతలుంటే వాటిలో అధ్వానమైనదే ఆ భాగం మార్కు. ఎడమ కాలు బాగుండి కుడి కాలు బాగోకపోతే కుడి కాలి మార్కే పడుతుంది. డ్రైవరుకు 2.9, పక్కవారికి 3.7 వస్తే లెక్కలోకి వచ్చేది 2.9.

రెండోది, సెన్సర్ చెప్పని ప్రమాదాలకు కోతలు ఉంటాయి. మోకాలు డ్యాష్‌బోర్డుకు తగిలిన చోట డమ్మీకి మెత్తటి ప్లాస్టిక్ దొరికి ఉండవచ్చు. రెండంగుళాల పక్కన స్టీరింగ్ కాలమ్‌ను పట్టే ఉక్కు బ్రాకెట్టు ఉంటే, కాస్త పొడవైన లేదా పొట్టి మనిషి మోకాలు దానికే తగులుతుంది. పరీక్షకులు డ్యాష్‌బోర్డు విప్పి వెనక ఏముందో చూస్తారు. అలాంటి గట్టి వస్తువు కనిపిస్తే సెన్సర్ ఆకుపచ్చ చూపినా మార్కు తీసేస్తారు. తల ఎయిర్‌బ్యాగ్ మీద నిలవకుండా పక్కకు జారితే ఒక మార్కు కోత. స్టీరింగ్ మనిషి మీదికి వస్తే కోత. గుద్దు మధ్యలో తలుపు ఊడి తెరుచుకుంటే ఒక్కో తలుపుకూ కోత. ముందు అద్దం పక్క స్తంభం, అంటే ఏ-పిల్లర్, 100 మిల్లీమీటర్ల కంటే వెనక్కి వస్తే కోత మొదలవుతుంది. 200 దాటేసరికి రెండు మార్కులు పోతాయి.

"బాడీషెల్ అన్‌స్టేబుల్" అనే మాట వచ్చేది ఇక్కడే. పెట్టె నలిగిపోయింది, ఇంకాస్త బలం పడితే తట్టుకోలేదు అని పరీక్షకులు తేల్చారని దాని అర్థం. కాళ్లు పెట్టే చోట నేల రేకు అతుకు దగ్గర చీలిందా, తలుపు కింది దూలం మడత పడిందా, గుద్దాక తలుపు చేత్తో తెరుచుకుందా లేక పనిముట్లు వాడాల్సి వచ్చిందా అన్నవన్నీ చూసి చెబుతారు. మార్కు పోయేది ఒకటే అయినా, కొనేవాళ్లకు ఆ ఒక్కటి చాలా చెబుతుంది. 64 దగ్గర డమ్మీలకు మార్కులు బాగానే వచ్చి పెట్టె అన్‌స్టేబుల్ అయితే 75 దగ్గర పరిస్థితి ఒక్కసారిగా దిగజారుతుంది. పెట్టె నిలిచిన కారులో నెమ్మదిగా దిగజారుతుంది. మార్కులు దగ్గరదగ్గరగా ఉన్న రెండు కార్లలో ఒకటి స్టేబుల్, ఇంకొకటి అన్‌స్టేబుల్ అయితే మొదటిదే తీసుకోమంటాను, రెండో మాట లేదు.

పక్క గుద్దులో కారు నిలబడి ఉంటుంది. 950 కిలోల ట్రాలీ, దాని ముందు మళ్లీ అల్యూమినియం గళ్ల ముఖం, గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చి డ్రైవరు తలుపును గుద్దుతుంది. లోపల కూర్చునే డమ్మీ వేరే రకం, పేరు ఈఎస్-2. పక్క నుంచి పడే దెబ్బకు పక్కటెముకలు ఎలా ఒంగుతాయో చూడడానికే తయారైనది. తల, ఛాతీ, పొట్ట, తుంటి, నాలుగింటికీ నాలుగేసి మార్కులు. మూడు పక్కటెముకల సెన్సర్లుంటాయి. ఎక్కువ ఒంగిన ఎముకే లెక్క. 22 మిల్లీమీటర్ల లోపు పూర్తి మార్కులు, 42 దగ్గర సున్నా. పొట్ట మీద ఒక కిలోన్యూటన్ లోపు మంచిది, రెండున్నర దగ్గర సున్నా. తుంటికి ఆ హద్దులు 3, 6.

ముందు గుద్దులో మనిషికీ దిమ్మెకూ మధ్య బానెట్, ఇంజన్ అంతా అడ్డం ఉంటాయి. పక్క గుద్దులో ఉండేది ఒక తలుపు మందం, దాని తర్వాత జానెడు ఖాళీ. 50 కిలోమీటర్ల వేగం అంటే మిల్లీసెకనుకు దాదాపు 14 మిల్లీమీటర్లు. కాబట్టి గుద్దు మొదలైందని సెన్సర్ గుర్తించి, సీటు పక్కన కుట్టిన ఎయిర్‌బ్యాగ్ ఉబ్బి, తలుపుకూ పక్కటెముకలకూ మధ్య చేరడానికి దొరికే సమయం అతి కొద్ది మిల్లీసెకన్లు. సైడ్ ఎయిర్‌బ్యాగ్ లేని కారు ఇక్కడ మార్కు నిలుపుకోవాలంటే మధ్య స్తంభమూ తలుపు లోపలి దూలమూ చాలా గట్టిగా ఉండాలి.

ఎస్‌యూవీలకు ఈ పరీక్షలో సాధారణంగా మంచి మార్కులు వస్తాయి. కారణం సులువు. సీటు ఎత్తుగా ఉంటే ట్రాలీ ముఖం ఎక్కువగా తుంటి కిందికి, తలుపు కింది దూలానికి తగులుతుంది, పక్కటెముకల దాకా రాదు. పైగా ఆ ట్రాలీ బరువు ఈ కాలపు రోడ్లకు తక్కువే. యూరప్ పరీక్షలో 2020 నుంచి 1400 కిలోల ట్రాలీని 60 కిలోమీటర్ల వేగంతో వదులుతున్నారు. శక్తి లెక్క వేస్తే మనది సుమారు 92 కిలోజూళ్లు, వాళ్లది 194. రెట్టింపు కన్నా ఎక్కువ. కనుక "సైడ్‌లో 16కు 16" అని చూసి పక్క గుద్దుకు ఈ కారులో తిరుగులేదనుకోకండి. ఈ బరువుకు, ఈ వేగానికి తట్టుకుందని మాత్రమే దాని అర్థం.

తలకు అసలు ముప్పు ట్రాలీ కంటే చెట్టు, కరెంటు స్తంభం. కారు జారి పక్కవాటుగా స్తంభాన్ని గుద్దితే, గాజు పగిలి స్తంభం నేరుగా తలను చేరుతుంది. దీనికి పోల్ టెస్ట్ ఉంది. 254 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు స్తంభానికి కారును 29 కిలోమీటర్ల వేగంతో పక్కవాటుగా గుద్దిస్తారు. ఇక్కడ తలను ముఖ్యంగా కాపాడేది కిటికీ మీది నుంచి పరదాలా జారే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్. దీనికి విడిగా మార్కులు లేవు. రిపోర్టులో ఓకే అని ఉంటుంది, లేదా ఉండదు. కానీ ఇది దాటకపోతే 3 స్టార్లూ ఆ పైనా రావు.

ఇప్పుడు పాదచారి సంగతి. 3, 4, 5 స్టార్లు కావాలంటే కారు ఏఐఎస్-100 నిబంధన పాసవ్వాలి. పాసయ్యాక ఎంత బాగా పాసయిందన్నదానికి రేటింగులో విలువ లేదు. అంచు మీద గట్టెక్కిన కారూ, ఎంతో మెత్తటి బానెట్ ఉన్న కారూ ఇక్కడ సమానమే. మన రోడ్ల మీద కారు అవతల ఉండే మనుషులే ఎక్కువ. అందుకే ఇది పెద్ద లోటని గట్టిగా అనుకుంటాను.

ఏఐఎస్-100కు మూలం ఐక్యరాజ్యసమితి జీటీఆర్-9. అందులో పరీక్ష ఇలా సాగుతుంది. పూర్తి మనిషి బొమ్మను గుద్దరు, శరీర భాగాలను విడివిడిగా కారు మీదికి విసురుతారు. 3.5 కిలోల పిల్లల తల, 4.5 కిలోల పెద్దల తల, ఒక్కోటి 165 మిల్లీమీటర్ల గోళం. వీటిని 35 కిలోమీటర్ల వేగంతో బానెట్ మీద ఎంచుకున్న చోట్ల కొడతారు. ఎక్కడ కొట్టాలో తేల్చడానికి టేపును బంపర్ కింద నేలకు ఆనించి, బంపర్ మీదుగా బానెట్ పైకి చుట్టి కొలుస్తారు. 1000 నుంచి 1700 మిల్లీమీటర్ల వరకు పిల్లల తల చోటు, 1700 నుంచి 2100 వరకు పెద్దల తల చోటు. పొట్టి బానెట్ కార్లలో పెద్దల చోటు చాలా భాగం అద్దం మీద పడుతుంది. జీటీఆర్-9 తల పరీక్ష బానెట్ దగ్గరే ఆగిపోతుంది. అద్దం అంచులు, ఏ-పిల్లర్లు దాని పరిధిలో లేవు. అసలు ప్రాణం తీసే గట్టి చోట్లు అవే.

తలకు తగిలిన దెబ్బను హెచ్‌ఐసీ అనే సంఖ్యతో చెబుతారు. ఎంత గట్టిగా ఆగింది, ఎంతసేపు ఆగింది, రెండింటినీ కలిపే లెక్క అది. గట్టిదనాన్ని 2.5 ఘాతానికి పెంచి, సెకన్లలో సమయంతో గుణిస్తారు. ఒకే తీరున ఆగిందనుకుని లెక్క వేసి చూద్దాం. 35 కిలోమీటర్లంటే సెకనుకు 9.7 మీటర్లు. తల 100 జీతో, అంటే భూమ్యాకర్షణ త్వరణానికి వంద రెట్ల కుదుపుతో ఆగితే 10 మిల్లీసెకన్లు పడుతుంది. 100ను 2.5 ఘాతానికి పెంచితే లక్ష, దాన్ని 0.01తో గుణిస్తే 1000. జీటీఆర్-9లో మొత్తం చోటులో మూడింట రెండు వంతులకు హెచ్‌ఐసీ 1000 దాటకూడదు, మిగతా చోట 1700 దాకా అనుమతి. 100 జీతో ఆగడానికి కావాల్సిన దూరం సుమారు 48 మిల్లీమీటర్లు. అంటే బానెట్ రేకు అంత లోపలికి నొక్కుకోవాలి, కింద ఇంజన్ కవరో బ్యాటరీ అంచో తగలకూడదు. ఇది ఆదర్శ లెక్క. నిజంగా ఏ బానెట్టూ ఒకే తీరున ఆపదు కాబట్టి ఇంకా ఎక్కువ ఖాళీ కావాలి.

యూరప్ రేటింగులో ఇదే తలను 40 కిలోమీటర్ల వేగంతో కొడతారు. హెచ్‌ఐసీ 650 లోపు ఉన్న చోటే ఆకుపచ్చ. పై లెక్కే మళ్లీ వేస్తే కావాల్సిన దూరం 91 మిల్లీమీటర్ల దగ్గరకు వస్తుంది, దాదాపు రెట్టింపు. అక్కడ 1700 దాకా మెట్లుమెట్లుగా మార్కు తగ్గుతుంది, ఆ పైన సున్నా. అద్దం కూడా లెక్కలోకి వస్తుంది. పాదచారికి పాస్-ఫెయిల్ పెట్టడానికీ మార్కులు పెట్టడానికీ తేడా ఇదే. మార్కులుంటే కంపెనీ ఇంజన్ కవరును ఇంకో 30 మిల్లీమీటర్లు దించడానికి కారణం దొరుకుతుంది. పాస్-ఫెయిల్‌లో 48 దాటాక ఎవరూ పట్టించుకోరు.

కాళ్లకు వేరే పరికరం. మోకాలు కీలు ఉన్న కృత్రిమ కాలును 40 కిలోమీటర్ల వేగంతో బంపర్‌కు విసిరి, కీలు ఎంత వంగింది, పక్కకు ఎంత జారింది అని చూస్తారు. బంపర్ రేకుకూ వెనకున్న ఉక్కు దూలానికీ మధ్య నురుగు దిమ్మె, బంపర్ కింద అడ్డంగా ఒక సన్నపు ఆసరా పట్టీ ఉంటే కాలు అంతా ఒకేసారి వెనక్కి పోతుంది, మోకాలు మడత పడదు. చిన్న గుద్దు తర్వాత గ్యారేజీలో ఆ నురుగు దిమ్మె వేయకుండా బంపర్ ఎక్కించి పంపేస్తుంటారు. బయటికి కనబడదు కాబట్టి అడిగి వేయించుకోవాలి. ముందు ఇనుప గార్డు బిగిస్తే ఈ ఏర్పాటంతా పనికిరాకుండా పోతుంది. అంతేకాదు, గుద్దు బలం కారు లోపలికి చేరే దారి మారిపోయి, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ ఊహించిన తీరున స్పందించకపోవచ్చు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ ఇలాంటి గార్డుల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది కూడా.

ఇక స్టార్లు. పెద్దవాళ్ల 32 మార్కుల్లో 27 వస్తే 5 స్టార్లు, 22కు 4, 16కు 3, 10కు 2, 4కు 1. పిల్లల 49 మార్కుల్లో 41కి 5, 35కు 4, 27కు 3, 18కి 2, 9కి 1. దీనిపైన తలుపు గొళ్లెంలాంటి షరతులు. 3 స్టార్లు, ఆ పైన కావాలంటే పోల్ టెస్ట్ ఓకే కావాలి, కారు అదుపు తప్పి జారకుండా చక్రాల బ్రేకులను తనంతట తానే వేసే ఈఎస్‌సీ ఉండాలి, ముందు సీట్లకు బెల్టు హెచ్చరిక ఉండాలి, పాదచారి నిబంధన పాసవ్వాలి. ఒకటి తప్పినా మార్కులు ఎన్ని ఉన్నా 2 స్టార్ల దగ్గరే ఆగాలి.

ఒక ఊహా కారుతో మొత్తం కలిపి చూద్దాం. తల-మెడకు 4. ఛాతీకి డ్రైవరుకు 2.9, పక్కవారికి 3.7, కనుక 2.9. తొడ-మోకాలికి 3. పిక్కకు పైన లెక్కించిన 2.22. మొత్తం 12.12. కానీ పెట్టె అన్‌స్టేబుల్ అని తేల్చారు, డ్రైవరు ఛాతీ మార్కులోంచి 1 పోయింది, ఇప్పుడు 11.12. పక్క గుద్దులో 15.5 వచ్చాయి. కలిపితే 26.62. అంటే 4 స్టార్లు. ఆ ఒక్క కోత లేకపోతే 27.62తో 5 స్టార్లు వచ్చేవి. ఇదే లెక్క తిరగేసి చూడండి. పక్క గుద్దులో 16 తెచ్చుకున్న కారుకు ముందు గుద్దులో 11 చాలు, 5 స్టార్లు వచ్చేస్తాయి. అసలు తేడా ముందు గుద్దు మార్కులోనే బయటపడుతుంది. భారత్ ఎన్‌క్యాప్‌లో మొదటగా ఫలితాలు వచ్చిన టాటా హ్యారియర్‌కు 2023 డిసెంబరులో 30.08 వచ్చాయి. విడదీస్తే ముందు 14.08, పక్క 16. కార్లు పోల్చేటప్పుడు మొత్తం కాకుండా ఆ ముందు అంకె పక్కపక్కన పెట్టుకోండి.

పిల్లల మార్కుల్లో 24 మాత్రమే గుద్దించి కొలిచేవి. 12 పిల్లల సీటు సరిగ్గా బిగుస్తుందా అన్నదానికి, 13 పిల్లల సీటును నేరుగా కారుకు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు, ఎయిర్‌బ్యాగ్ ఆపే స్విచ్ లాంటి ఏర్పాట్లకు. ఈ మార్కులన్నీ పిల్లల సీటు బిగించి, పిల్లను అందులో కట్టినప్పుడే నిజం. ఒళ్లో కూర్చోబెట్టుకున్న పిల్లకు వీటిలో ఒక్క మార్కూ వర్తించదు.

ఈ పరీక్షలు చూడనివి కూడా తెలిసి ఉండాలి. వెనక సీటులో పెద్ద డమ్మీ ఉండదు. కనుక అమ్మానాన్నలు వెనక కూర్చుంటే పెద్దవాళ్ల 5 స్టార్లు వాళ్ల గురించి ఏమీ చెప్పవు. బెల్టు పెట్టని వెనక మనిషి 64 దగ్గర అదే వేగంతో ముందు సీటు వీపు మీద పడతాడు, ముందు కూర్చున్నవారికి వచ్చిన ఆకుపచ్చ రంగు కూడా అక్కడితో పోతుంది. రెండోది బరువు. కదలని దిమ్మెకు గుద్దించడమంటే దాదాపు తనంత బరువున్న కారునే గుద్దినట్టు. 900 కిలోల 5 స్టార్ హ్యాచ్‌బ్యాక్, 1800 కిలోల 5 స్టార్ ఎస్‌యూవీ ఎదురెదురుగా తగిలితే చిన్న కారుకు పడే కుదుపు రెట్టింపు ఉంటుంది. కాబట్టి ఒకే బరువు తరగతిలోనే పోల్చాలి. మూడోది, విజయవాడ హైవే లాంటి చోట్ల రాత్రిపూట ఆగి ఉన్న లారీ వెనక భాగం. లారీ వెనక కింది కమ్మీ లేకపోయినా, ఉన్నా బలహీనంగా ఉన్నా, కారు బానెట్ దాని కిందికి దూరిపోతుంది, లారీ తొట్టి అంచు నేరుగా అద్దానికి తగులుతుంది. పరీక్ష దిమ్మె 850 మిల్లీమీటర్ల ఎత్తులోపే తగిలింది కదా. నలగడానికి తయారుచేసిన ముందు భాగం ఇక్కడ పనిలోకే రాదు, ఎన్ని స్టార్లున్నా.

షోరూములో అడగాల్సినవి కొన్నే. ఆ మోడల్ పరీక్ష ఫలితాలుండే భారత్ ఎన్‌క్యాప్ ఫ్యాక్ట్ షీట్ ఫోన్‌లో తెరవండి. పరీక్షించిన వేరియంట్ ఏది, అందులో ఎన్ని ఎయిర్‌బ్యాగులు, మీరు కొనేదానిలోనూ అవన్నీ ఉన్నాయా అని చూడండి. స్టార్లు ఏ సంస్థవో, ఏ ఏడాదివో చూడండి. 2022 జులైకి ముందు మన కార్లను పరీక్షించిన విదేశీ సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ పెద్దవాళ్ల మార్కులు 17కు లెక్కగట్టేది, పోల్ టెస్ట్, ఈఎస్‌సీ షరతులు అప్పుడు ఇలా లేవు. ఆ తర్వాత 34కు మార్చింది. ఆ 5 స్టార్లను ఈ 32 లెక్కతో నేరుగా పోల్చకూడదు. తర్వాత ముందు గుద్దు అంకె, బాడీషెల్ స్టేబులా కాదా, డ్రైవరు ఛాతీ రంగు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. పాదచారి విషయానికొస్తే ఫ్యాక్ట్ షీట్‌లో పాసయిందన్న మాట తప్ప ఏమీ దొరకదు. అదే కారు యూరప్‌లో కూడా అమ్ముడవుతూ ఉంటే అక్కడి రేటింగు సంస్థ యూరో ఎన్‌క్యాప్ ఇచ్చే బానెట్ పటంలో గట్టి చోట్లు ఎర్రగా కనబడతాయి. కాకపోతే అక్కడి కారుకు, ఇక్కడ తయారైన కారుకు బానెట్, బంపర్ ఒకటేనని రూఢి చేసుకున్నాకే ఆ పటాన్ని నమ్మండి.